'లోపు' అంటే ఎంత లోపు: పాతపట్నం నోటీసు పర్లాకిమిడిలో ఇంగ్లీషులో చదివితే

మహేంద్రతనయ ఏటికి ఇటు పాతపట్నం, అటు పర్లాకిమిడి, ఇది శ్రీకాకుళం జిల్లా అయితే అది ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం, కానీ రెండు ఊళ్ల మధ్య సంబంధాలు ఎంత దగ్గరగా ఉంటాయంటే అమ్మమ్మ పేరు ఇటు కార్డులో ఉంటుంది, మనవడి బడి అటుపక్క ఉంటుంది. ఆ మనవడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, తిట్టినా తెలుగులోనే తిడతాడు, కానీ చదివింది ఒడియా, ఇంగ్లీషు, తెలుగు అక్షరాలు రావు. అమ్మమ్మ పింఛను గురించి గ్రామ సచివాలయం గోడ మీద అంటించిన నోటీసును ఎవరో ఫోటో తీసి పంపితే దాన్ని చదవలేడు. అందుకే ఇలాంటి నోటీసులకి ఇంగ్లీషు కాపీ తయారవుతూ ఉంటుంది, ఎవరో తెలిసినవాళ్లు గబగబా ఒకటి రాస్తారు, తర్వాత ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఇంకొకరు దాన్ని 'పాలిష్' చేస్తారు. అసలు ఇబ్బంది ఎక్కువగా ఈ రెండో చేతిలోనే వస్తుంది, ఎందుకంటే మొదటి రాత వంకరగా ఉన్నా అర్థం మూలానికి దగ్గరగానే ఉంటుంది, పాలిష్ అయ్యాక చదవడానికి హాయిగా ఉంటుంది గానీ ఎవరు అర్హులు ఎవరు కారు అన్న గీత పక్కకి జరిగిపోయి ఉంటుంది.

ఇక్కడ మాట్లాడుకోవడానికి ఒక నమూనా నోటీసు తీసుకుందాం. మాటలు ఇలా ఉంటాయి: "60 ఏళ్లు నిండి, బియ్యం కార్డు కలిగి, మాగాణి 3 ఎకరాల లోపు లేదా మెట్ట 10 ఎకరాల లోపు లేదా రెండూ కలిపి 10 ఎకరాల లోపు ఉన్న కుటుంబాలకు చెందినవారు అర్హులు. కుటుంబానికి ఒక పింఛను మాత్రమే మంజూరు చేయబడును. అర్హులు తగిన ధ్రువపత్రాలతో 15వ తేదీ లోపు గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేసుకోవలెను." వాక్యాలు నమూనా కోసం రాసినవే అయినా అందులో ఉన్న భూమి లెక్క మాత్రం ఆంధ్రలో చాలా పథకాలకి నిజంగా పెట్టే అర్హత లెక్కే, బియ్యం కార్డుకీ పింఛనుకీ కూడా ఇదే అడుగుతారు.

మొదట తెలుసుకోవాల్సింది ఏంటంటే ఆంధ్రలో జీవోలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి. అంటే గోడ మీద ఉన్న తెలుగు నోటీసే చాలాసార్లు ఒక ఇంగ్లీషు కాగితానికి తెలుగు రూపం. కాబట్టి దానికి ఇంగ్లీషు రాయడం అంటే కొత్తగా మాటలు వెతుక్కోవడం కాదు, పుట్టింటికి తిరిగి వెళ్లడం లాంటిది, 'మాగాణి'కి, 'మెట్ట'కి, 'లోపు'కి జీవోలో ఒక ఇంగ్లీషు మాట ముందే ఉంది. పాలిష్ చేసేవాళ్లు నోటీసులో జీవో నంబరు ఉందా అని ముందు చూసుకోవాలి, ఉంటే ఆ జీవో తెచ్చుకుని పక్కన పెట్టుకోవాలి. దొరక్కపోతే ఆ శాఖ పోర్టల్‌లో ఇంగ్లీషు పేజీ, దరఖాస్తు ఫారం మీద తెలుగు పక్కన ఉండే ఇంగ్లీషు ముక్కలు, పాత మంజూరు పత్రం, ఇవి చూడాలి. డిక్షనరీ అన్నిటికంటే చివర. ఇలా దొరికిన మాటల్ని ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి రాసుకుంటే చాలు: తెలుగు మాట, దానికి వాడే ఇంగ్లీషు మాట, అది ఎక్కడ కనిపించింది. మూడో గడి చాలామంది వదిలేస్తారు, కానీ రేపు ఎవరైనా "ఈ మాట ఎందుకు వాడారు" అని అడిగితే జవాబు అందులోనే ఉంటుంది.

బడిలో మన అందరికీ ఇంగ్లీషు టీచర్లు ఒకటి నేర్పారు, ఒకే మాట మళ్లీ మళ్లీ వాడకు, మార్చి మార్చి రాయి అని. వ్యాసానికి అది బాగుంటుంది గానీ నోటీసుకి అదే విషం. నోటీసులో 'కుటుంబం' రెండుసార్లు వచ్చింది కదా, పాలిష్ చేసిన కాపీలో మొదటిసారి 'ఫ్యామిలీ' అని, రెండోసారి 'హౌస్‌హోల్డ్' అని పడుతుంది, రాసినవాళ్ల మనసులో రెండూ ఒకటే. కానీ ప్రభుత్వ కాగితంలో మాట మారిందంటే చదివే గుమస్తా అర్థం కూడా మారిందనుకుంటాడు, అనుకోవాలి కూడా, కాగితాలు చదివే పద్ధతే అది.

దీన్ని సరిహద్దు ఇంట్లో పెట్టి చూస్తే ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. పాతపట్నంలో ఒక పెద్దావిడ, వయసు 64, బియ్యం కార్డులో ఆమె, ఆమె పెద్దకొడుకు, కోడలు ఉన్నారు అనుకుందాం. పెద్దావిడ చెల్లెలు కూడా అదే ఇంట్లో ఉంటుంది, కానీ ఆమెది వేరే కార్డు, ఆమెకి ఇప్పటికే పింఛను వస్తోంది. తెలుగు నోటీసు ప్రకారం 'కుటుంబానికి ఒక పింఛను', ఇక్కడ కుటుంబం అంటే బియ్యం కార్డులో ఉన్న సభ్యులు అని నోటీసులోనో జీవోలోనో చెప్పి ఉంటే పెద్దావిడకి ఏ అడ్డూ లేదు, చెల్లెలి కార్డు వేరు. ఇంగ్లీషులో 'వన్ పెన్షన్ పర్ హౌస్‌హోల్డ్' అని పడింది. ఇప్పుడు పర్లాకిమిడిలో కూర్చుని చదివిన మనవడు ఏమనుకుంటాడు? ఒక కప్పు కింద ఒక పింఛనే, చిన్నమ్మమ్మకి వస్తోంది కాబట్టి అమ్మమ్మకి రాదు. దరఖాస్తే పెట్టడు. ఎవరూ తిరస్కరించలేదు, ఏ ఆఫీసూ తప్పు చేయలేదు, ఒక మాట అందంగా మారడం వల్ల ఒక దరఖాస్తు పుట్టకుండానే పోయింది. ఇలాంటి నష్టం ఏ లెక్కలోనూ కనిపించదు, అందుకే దీని గురించి ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తుంది. 'ఫ్యామిలీ' అని మొదలుపెడితే చివరి దాకా 'ఫ్యామిలీ'నే, వినడానికి విసుగ్గా ఉన్నా సరే.

ఇక భూమి వాక్యం. ఈ నోటీసు మొత్తంలో ఎక్కువ టైం ఇవ్వాల్సింది దీనికే.

'మాగాణి'కి రెవెన్యూ ఇంగ్లీషులో 'వెట్ ల్యాండ్' అంటారు, రెండు మాటలు, మధ్యలో ఖాళీ. కంప్యూటర్లో స్పెల్లింగ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ గానీ, ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి గానీ ఆ ఖాళీ తీసేసి కలిపి ఒకే మాటగా రాస్తే అది 'చిత్తడి నేల' అయిపోతుంది, కొల్లేరు లాంటిది. నీటి వసతితో వరి పండే పొలానికీ, చిత్తడి నేలకీ ఏం సంబంధం? అలాగే 'మెట్ట'కి రెవెన్యూ మాట 'డ్రై ల్యాండ్'. దాన్ని ఇంకొంచెం బాగా చెబుదాం అని 'బ్యారెన్ ల్యాండ్' అని మారుస్తారు, అది బీడు భూమి, ఏమీ పండనిది. మెట్టలో జీడి, కంది, చోళ్లు పండుతున్న రైతు ఆ ఇంగ్లీషు చదివితే నాది బీడు కాదు కదా అని తన మెట్టని లెక్కలో చూపించడు, తర్వాత కార్యాలయంలో రికార్డులో బయటపడితే దాచినట్టు అవుతుంది. ఒడిశా వైపు వాళ్లకి ఇంకో చిక్కు, అక్కడ భూమి రకాన్ని 'కిసం' అంటారు, రికార్డులో ఆ గడిలో ఏముందో చూస్తారు. వాళ్లకి అర్థం కావాలని ఇంగ్లీషు కాపీలో 'వెట్ ల్యాండ్' తీసేసి ఒడిశా కిసం పేరు పెట్టకూడదు, ఎందుకంటే అర్హత చూసేది ఆంధ్ర రికార్డుతో. అంతగా కావాలంటే కింద వేరే గమనికగా రాయొచ్చు, అది అనువాదం కాదు, వివరణ అని తెలిసేలా.

తర్వాత 'లోపు'. మాగాణి 3 ఎకరాల లోపు అంటే జీవో ఇంగ్లీషులో 'లెస్ దాన్', అంటే 3 కంటే తక్కువ. పాలిష్‌లో ఇది తరచుగా 'అప్ టు 3 ఏకర్స్' అవుతుంది, ఎందుకంటే అది చెవికి నునుపుగా ఉంటుంది. కానీ 'అప్ టు' అంటే సరిగ్గా 3 ఎకరాలు ఉన్నవాళ్లు కూడా లోపలికి వస్తారు, 'లెస్ దాన్' అంటే రారు. ఎకరానికి 100 సెంట్లు, ఒడిశాలో అదే కొలతని డెసిమిల్ అంటారు. 2 ఎకరాల 99 సెంట్లు ఉన్నవాళ్లకి ఏ మాట రాసినా తేడా లేదు, 3 ఎకరాల 1 సెంటు ఉన్నవాళ్లకీ తేడా లేదు, తేడా అంతా సరిగ్గా 3 ఎకరాల దగ్గరే ఉంది, అన్నదమ్ములు పంచుకున్నప్పుడు తలా మూడెకరాలు అని పంచుకున్న కుటుంబాలు ఉంటాయి కాబట్టి ఇది కాగితం మీద సరదాగా వేసే లెక్క కాదు.

ఆ వాక్యంలో రెండు 'లేదా'లు ఉన్నాయి, వాటిని ముట్టుకోకూడదు. పాలిష్ చేసేవాళ్లకి మూడు షరతులు వరసగా కనిపించగానే 'అండ్'తో కలిపి నీటుగా రాయాలనిపిస్తుంది: మాగాణి 3 కంటే తక్కువ, మెట్ట 10 కంటే తక్కువ, మొత్తం 10 కంటే తక్కువ. ఇలా రాస్తే వాక్యం బలే శుభ్రంగా ఉంటుంది, కానీ అది మూలం కాదు. ఉదాహరణకి మాగాణి 2 ఎకరాల 50 సెంట్లు, మెట్ట 6 ఎకరాలు ఉన్న ఇంటిని తీసుకుంటే మొత్తం 8 ఎకరాల 50 సెంట్లు, 'లేదా'తో చదివినా 'అండ్'తో చదివినా అర్హులే. ఇప్పుడు మాగాణి 3 ఎకరాల 20 సెంట్లు ఉండి మెట్ట 4 ఎకరాలు ఉన్న ఇంటిని చూడండి, మొత్తం 7 ఎకరాల 20 సెంట్లు. 'అండ్'తో చదివితే మాగాణి 3 దాటింది కాబట్టి అనర్హులు. 'లేదా'తో ఉన్న మాటలు ఉన్నట్టుగా చదివితే మూడో షరతు కింద, రెండూ కలిపి 10 లోపే కాబట్టి, లోపలికి వచ్చినట్టే కనిపిస్తారు. రాసినవాళ్ల ఉద్దేశం ఇదేనా, లేక మాగాణి మాత్రం ఎలాగైనా 3 దాటకూడదనా? నోటీసు మాటల్లో దానికి తేటగా జవాబు లేదు. మరి అలాంటప్పుడు పాలిష్ చేసేవాళ్లు తమకి తోచిన జవాబుని ఇంగ్లీషులో పెట్టేయొచ్చా? పెట్టకూడదు. మూలంలో మసక ఉంటే ఇంగ్లీషులోనూ అదే మసక అంతే మోతాదులో ఉండాలి, పక్కన మార్జిన్‌లో ఒక ప్రశ్న రాసుకుని నోటీసు ఇచ్చిన ఆఫీసుని అడగాలి. మసకని తుడిచేయడం పాలిష్ చేసేవాళ్ల పని కాదు, అది కొత్త రూలు రాయడం అవుతుంది.

ఇంతకీ 'లోపు' కథ అక్కడితో అయిపోలేదు. అదే నోటీసులో '15వ తేదీ లోపు' అని కూడా ఉంది. ఒక తెలుగు మాటకి ఒకటే ఇంగ్లీషు మాట అన్న పట్టుదలతో ఇక్కడ కూడా 'లెస్ దాన్' పెట్టలేం కదా, ఆ ఊపులో 'బిఫోర్' అని పెడతారు. 'బిఫోర్ 15' అంటే 14తో అయిపోయింది. తెలుగులో మామూలుగా '15 లోపు ఇచ్చేయండి' అంటే 15 సాయంత్రం దాకా టైం ఉందనే జనం అనుకుంటారు, కానీ ఖచ్చితంగా చెప్పలేం కూడా, మనుషుల్ని బట్టి మారుతుంది. అందుకే ఇక్కడ నోటీసులో ఇంకెక్కడైనా 'చివరి తేదీ 15' అని ఉందా అని వెతకాలి, ఉంటే 'ఆన్ ఆర్ బిఫోర్' అని నిశ్చింతగా రాయొచ్చు, లేకపోతే ఆఫీసుని అడగాలి. అంటే నిలకడ అనేది మాటకి కాదు, అర్థానికి. ఎకరాల 'లోపు' అంతటా ఒకటే ఇంగ్లీషు, తేదీల 'లోపు' అంతటా ఇంకొకటి, కాబట్టి మూడు గళ్ల కాగితంలో 'లోపు' రెండు వరసల్లో విడివిడిగా ఉండాలి. తేదీల్లోనే ఇంకో చిన్న సంగతి, 05-06 అని అంకెల్లో వదిలేయకుండా నెల పేరు అక్షరాల్లో రాస్తే జూన్ ఐదో మే ఆరో అన్న గొడవ ఉండదు. "నోటీసు తేదీ నుంచి 30 రోజులు" లాంటి మాటలు వస్తే మాత్రం చట్టాల లెక్క వేరుగా ఉంటుంది, 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 'ఫ్రమ్' అన్నప్పుడు మొదటి రోజుని లెక్కలోంచి తీసేస్తారు, 'టు' అన్నప్పుడు చివరి రోజుని కలుపుతారు. ఆ రెండు చిన్న మాటల్నీ అందం కోసం మార్చకుండా ఉండడానికి అది చాలినంత కారణం.

వయసు మాట త్వరగా చూసేద్దాం. '60 ఏళ్లు నిండి' అంటే అరవయ్యో పుట్టినరోజు అయిపోయి ఉండాలి, 'అరవయ్యో ఏట' అంటే ఇంకా 59 నిండి నడుస్తున్నట్టు, ఇంగ్లీషులో 'అబవ్ 60' అంటే సరిగ్గా 60 ఉన్నవాళ్లు బయటా లోపలా అని వాదన వస్తుంది. 'కంప్లీటెడ్ 60 ఇయర్స్' కొంచెం గవర్నమెంటు వాసన కొట్టినా అదే సరైంది. ఏ తేదీకి నిండి ఉండాలో నోటీసు చెప్పకపోతే ఇంగ్లీషు కూడా చెప్పకూడదు.

'అర్హులు', 'మంజూరు' ఈ రెండూ కూడా పాలిష్‌లో తరచు దెబ్బతినేవే. 'అర్హులు' అంటే 'ఎలిజిబుల్', దరఖాస్తు పెట్టుకోడానికి తగినవాళ్లు. దాన్ని 'ఎన్‌టైటిల్డ్' అని మారిస్తే హక్కుగా వచ్చి తీరుతుంది అన్న మాట అవుతుంది, ప్రభుత్వం అలా మాట ఇవ్వలేదు. 'మంజూరు' అంటే 'శాంక్షన్', అంటే ఆఫీసు కాగితం మీద ఒప్పుకోవడం. డబ్బు 'విడుదల' అవడం ఇంకో మెట్టు, 'రిలీజ్'. ఖాతాలో 'జమ' అవడమో చేతికి 'పంపిణీ' అవడమో మూడో మెట్టు. తెలుగు నోటీసులు ఈ మూడింటినీ చాలావరకు జాగ్రత్తగానే వాడతాయి, ఇంగ్లీషు కాపీలో మాత్రం మూడూ 'గివెన్' అనో 'ప్రొవైడెడ్' అనో ఒకటైపోతాయి. అటుపక్క ఉన్న మనవడు "మంజూరైంది" అన్న వార్తని "ఇచ్చేశారు" అని చదివి, అమ్మమ్మ డబ్బు మధ్యలో ఎవరో తినేశారని సచివాలయం వాళ్ల మీదకి గొడవకి వెళ్లే పరిస్థితి వస్తుంది, నిజానికి కాగితం మొదటి మెట్టు మీదే ఉంటుంది. 'చేసుకోవలెను'కి 'మస్ట్', 'చేసుకోవచ్చు'కి 'మే', ఇవి కూడా ఒక్కసారి ఎంచుకుంటే చివరి దాకా అవే. మన ఇంగ్లీషులో అన్నిటికీ 'షుడ్' పెట్టే అలవాటు ఉంది, అది సలహాలాగా వినిపిస్తుంది, ధ్రువపత్రం లేకపోయినా పర్లేదేమో అనిపిస్తుంది.

పేర్ల దగ్గర సరిహద్దు వాళ్లకి ఒక ప్రత్యేకమైన ఆశ పుడుతుంది, అవతలివాళ్లకి అర్థమయ్యేలా వాళ్ల పేర్లే పెడదాం అని. ఆంధ్రలో మండలం ఉంది, 1985 నుంచి ఉంది, ఒడిశాలో బ్లాకు, తహసీలు ఉంటాయి. 'మండలం'ని 'బ్లాక్' అని రాస్తే మనవడికి వెంటనే అర్థమవుతుంది గానీ పాతపట్నంలో 'బ్లాక్ ఆఫీసు' ఎక్కడ అని అడిగితే ఎవరూ చూపించలేరు. పంచాయతీ కార్యదర్శికి ఒడిశాలో దగ్గరగా ఉండే మనిషి పంచాయత్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్, అయినా సరే పేరు మార్చకూడదు. తహసీల్దారు రెండు వైపులా ఉన్నాడు, కాకపోతే ఒడిశా ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో మధ్యలో ఒక 'ఏ' ఎక్కువ ఉంటుంది, ఆంధ్ర నోటీసుకి ఆంధ్ర స్పెల్లింగే ఉంచాలి. 'గ్రామ సచివాలయం'లో 'గ్రామ'ని వదిలేసి ఉత్త 'సెక్రటేరియట్' అని రాస్తే అది వెలగపూడిలో ఉన్న రాష్ట్ర సచివాలయం అయిపోతుంది, పాపం పెద్దావిడ దరఖాస్తు పెట్టడానికి అమరావతి దాకా పోవాలా? పథకం పేరుని అయితే అసలు అనువదించకూడదు. ఎన్టీఆర్ భరోసా అంటే ఎన్టీఆర్ భరోసానే, 'అష్యూరెన్స్' కాదు. 2024లో పేరు మారకముందు అదే పింఛను వైఎస్సార్ పెన్షన్ కానుక, పాత ఇంగ్లీషు కాపీ మీదే కొత్తది దిద్దుకునేవాళ్లు పై వరసలో పేరు మార్చి కింద ఫుట్‌నోట్‌లో పాత పేరు మర్చిపోతారు, అప్పుడు ఒకే కాగితంలో రెండు పథకాలు ఉన్నట్టు కనిపిస్తుంది. అలాగని పేరు తీసేసి ఉత్త 'ఓల్డ్ ఏజ్ పెన్షన్' అని వదిలేసినా ఇబ్బందే, పర్లాకిమిడిలో ఆ మాట వింటే ఒడిశా వాళ్ల మధుబాబు పెన్షన్ యోజన గుర్తొస్తుంది.

కాపీ తయారయ్యాక బాగుందో లేదో చూసే పద్ధతి ఒకటి ఉంది, ఇంగ్లీషు ఎంత బాగుంది అని చదవడం కాదు. గీతకి దగ్గరగా ఉండే నాలుగైదు కుటుంబాల్ని ఊహించుకుని రెండు కాగితాల గుండా పంపించడం. మాగాణి 2.99 ఎకరాలు ఉన్న ఇల్లు, సరిగ్గా 3 ఉన్న ఇల్లు, మాగాణి 3.20 మెట్ట 4 ఉన్న ఇల్లు, 60 నిండడానికి రెండు రోజులు తక్కువైన మనిషి, ఒకే ఇంట్లో రెండు కార్డులు ఉన్న అక్కచెల్లెళ్లు. తెలుగు నోటీసు చదివినవాళ్లు ఒకరు, దాన్ని అసలు చూడకుండా ఇంగ్లీషు మాత్రమే చదివినవాళ్లు ఒకరు, ఇద్దరూ విడివిడిగా అర్హులా, కాదా, తెలియదా అని మూడిట్లో ఒకటి రాయాలి. 'తెలియదు' కూడా రెండు వైపులా ఒకేలా రావాలి. తెలుగులో 'తెలియదు' వచ్చిన ఇంటికి ఇంగ్లీషులో 'అర్హులు కారు' అని తేటగా జవాబు వచ్చిందంటే పాలిష్‌లో ఎక్కడో ఎవరో ఒక నిర్ణయం తీసేసుకున్నారని అర్థం. సాధారణంగా అది ఒక 'లేదా' దగ్గరో ఒక 'లోపు' దగ్గరో దొరుకుతుంది.

మన నమూనా నోటీసుని ఇలా పంపిస్తే ముఖ్యంగా రెండు చోట్ల ఆగుతుంది. మాగాణి 3.20, మెట్ట 4 ఎకరాల ఇల్లు ఒకటి, 15వ తేదీ నాడు దరఖాస్తు తెచ్చిన మనిషి ఇంకొకరు. ఆ రెండు చోట్లా ఇంగ్లీషు కాపీలో మాటలు మూలంలాగే ఉంచి, పక్కన చిన్న నంబరు వేసి, కింద "ఈ విషయం గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి" అని ఒక లైను పెడితే మనవడు తనంతట తాను అమ్మమ్మని తీసేయడు, ఏరు దాటి వెళ్లి అడుగుతాడు, లేకపోతే 14నే దరఖాస్తు ఇచ్చేస్తాడు.